సినిమా పాన్ షాట్‌లో టీవీ ఎందుకు కుదుపుతుంది? 24 ఫ్రేములు, 60 హెర్ట్జ్ లెక్క

[స్క్రీన్ మీద: ప్రకాశం బ్యారేజీ, కెమెరా విజయవాడ వైపు నుంచి సీతానగరం వైపుకి నెమ్మదిగా తిరుగుతుంది]

నమస్తే అండి. ఈ షాట్‌లో బ్యారేజీ గేట్ల మధ్య ఉన్న పిల్లర్ల మీదే కన్ను పెట్టండి, సెకనుకి 24 ఫ్రేముల్లో తీసిన క్లిప్ ఇది. మీ స్క్రీన్ 60 హెర్ట్జ్‌లో ఉంటే పిల్లర్ సాఫీగా జరగదు, సన్నగా వణుకుతూ వెళ్తుంది. నెట్ స్లో అయిందనుకుంటారు చాలామంది, కాదండి, ఫైల్ పూర్తిగా డౌన్‌లోడ్ చేసుకుని చూసినా ఇదే కుదుపు. దీన్నే జడ్డర్ అంటారు.

అసలు గొడవ భాగహారంలో ఉంది. సినిమా సెకనుకి 24 బొమ్మలు, స్క్రీన్ సెకనుకి 60 సార్లు రిఫ్రెష్ అవుతుంది, అంటే ఒక్కో బొమ్మకి రెండున్నర రిఫ్రెష్‌లు రావాలి. అర రిఫ్రెష్ అనేది లేదు కదా. ఐదు ఇడ్లీలు తుంచకుండా ఇద్దరికి పెట్టాలంటే ఒకళ్ళకి మూడు, ఇంకొకళ్ళకి రెండు పడతాయి చూడండి, ఇక్కడా అంతే, ఒక ఫ్రేము మూడుసార్లు, తర్వాతది రెండుసార్లు, మళ్ళీ మూడు, మళ్ళీ రెండు. దీని పేరు 3:2 పుల్‌డౌన్.

[స్క్రీన్ మీద: ఒక్క పిల్లర్ జూమ్‌లో, కింద గీతల స్కేలు]

ఇప్పుడు ఒక్క పిల్లర్‌నే పట్టుకుందాం. 1920 పిక్సెల్స్ వెడల్పున్న స్క్రీన్‌ని అది 8 సెకన్లలో దాటుతోంది అనుకోండి, సెకనుకి 240 పిక్సెల్స్, ఫ్రేముకి 10. ప్రతి ఫ్రేముకీ సరిగ్గా 10 పిక్సెల్సే జరుగుతోంది, కానీ ఒక చోట 50 మిల్లీసెకన్లు నిలబడుతోంది, పక్క చోట 33 మాత్రమే. లెక్క వేస్తే ఒకసారి సెకనుకి 200 పిక్సెల్స్ వేగం, వెంటనే 300, మళ్ళీ 200, ఇలా సెకనుకి 12 సార్లు. మన కన్నేమో 240 దగ్గర ఒకే స్పీడులో పిల్లర్‌ని ఫాలో అవుతుంటుంది, బొమ్మ దాని కంటే ఒకసారి వెనకబడి ఒకసారి ముందుకి దూకుతుంది, అందుకే అంచులు వణికినట్టు కనిపిస్తాయి. ఇద్దరు కూర్చుని మాట్లాడుకునే సీన్‌లో ఇది పెద్దగా తెలీదు, నెమ్మదిగా తిరిగే పాన్‌లో, రోలింగ్ టైటిల్స్‌లో బాగా దొరికిపోతుంది.

మరి పరిష్కారం? స్క్రీన్‌నే సినిమా దారికి తేవడం. టీవీకి 24 హెర్ట్జ్ సిగ్నల్ పంపిస్తే ప్రతి ఫ్రేమూ సమానంగా 41.7 మిల్లీసెకన్లు ఉంటుంది, 200-300 గోల పోతుంది. 120 హెర్ట్జ్ అయినా ఓకే, ఎందుకంటే ఫ్రేముకి సరిగ్గా ఐదేసి రిఫ్రెష్‌లు. టీవీ ప్యానెల్ 120 అయినా దానికి తగిలించిన ఆండ్రాయిడ్ బాక్స్ 60 పంపిస్తుంటే మాత్రం 3:2 వరస సిగ్నల్‌లోనే వచ్చేస్తుంది, దాన్ని కనిపెట్టి సరిచేసే సెట్టింగ్ టీవీలో ఉంటే తప్ప కుదుపు పోదు.

కోడి అనే వీడియో ప్లేయర్ యాప్ వాడేవాళ్ళు Settings, Player, Videos లోకి వెళ్ళి ఎక్స్‌పర్ట్ లెవెల్ పెట్టుకుని Adjust display refresh rate ని On start / stop చేయండి. కొత్త ఆండ్రాయిడ్ టీవీ బాక్సుల్లో డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో Match content frame rate అని ఉంటుంది. సినిమా మొదలవ్వగానే స్క్రీన్ ఒకటి రెండు సెకన్లు నల్లబడుతుంది, కంగారు పడకండి, హెచ్‌డీఎమ్ఐ కొత్త మోడ్‌లోకి మారుతోంది అంతే. తర్వాత టీవీ రిమోట్‌లో ఇన్ఫో నొక్కితే 24 హెర్ట్జ్ అని కనబడాలి, ఇంకా 60 అనే ఉంటే ఆ యాప్ బాక్స్‌కి ఫ్రేమ్ రేట్ చెప్పట్లేదన్నమాట, సెట్టింగ్ ఆన్‌లో ఉన్నా ఇలా జరుగుతుంది.

ఇంకో మెలిక ఉందండి. మన దగ్గరున్న సినిమా ఫైల్స్ చాలావరకు నిఖార్సైన 24 కాదు, 23.976. కంప్యూటర్‌లో mpv ప్లేయర్ వాడితే సినిమా నడుస్తుండగా `i` నొక్కండి, ఫ్రేమ్ రేట్ చూపిస్తుంది. ఆ ఫైల్‌ని కచ్చితమైన 24 హెర్ట్జ్‌లో ఆడిస్తే దాదాపు 42 సెకన్లకోసారి ఒక ఫ్రేము రెండుసార్లు పడుతుంది, అంతసేపు నున్నగా వెళ్ళి ఒక్కసారి టక్కుమని ఆగినట్టు ఉంటే అనుమానించాల్సింది దీన్నే. మోడ్ లిస్టులో 23.976, కొన్నిచోట్ల 23.98 అని రాస్తారు, అది ఎంచుకోండి. లైనక్స్‌లో ఎక్స్11 మీద అయితే ఇలా, పోర్ట్ పేరు మీది పెట్టుకోండి:

```
xrandr --output HDMI-1 --mode 1920x1080 --rate 23.98
```

అలాగని మ్యాచ్ చేస్తే అన్నీ నీళ్ళలా పారతాయని అనుకోవద్దు. కెమెరా స్పీడుగా తిరిగి అదే పిల్లర్ స్క్రీన్‌ని 2 సెకన్లలో దాటేస్తే ఫ్రేముకి 40 పిక్సెల్స్ దూకుతుంది, అది 24 ఫ్రేములకున్న స్వభావం, ఓలెడ్ టీవీలో ఇంకా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. దాన్ని దాచడానికి మోషన్ స్మూతింగ్ ఆన్ చేస్తే టీవీ మధ్యలో లేని ఫ్రేములు సొంతంగా పుట్టిస్తుంది, సినిమా కాస్తా సీరియల్‌లా అయిపోతుంది, నేనైతే అది ఆపేసే చూస్తాను.