రెగ్యులేటర్ దగ్గర గ్యాస్ వాసన వస్తే

(విశాఖపట్నం, సీతమ్మధారలోని ఒక అపార్ట్‌మెంట్ నివాసుల సమావేశంలో, గ్యాస్ మెకానిక్‌గా పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. అధ్యక్షులవారు చిన్న కాగితం మీద నాలుగు విషయాలు రాసిచ్చారు. స్టవ్వు శుభ్రం చేయడం, గ్యాస్ ఆదా చేయడం, పైపు మార్చడం, వాసన వస్తే ఏం చేయాలి. మొదటి మూడూ ఇంకో నెల చూసుకుందాం, ఏమీ అనుకోకండి. నాలుగోదే మాట్లాడతాను. అందులోనూ ఒకే వస్తువు గురించి. అది వేలికి పెట్టుకునే ఉంగరం కన్నా చిన్నది, నల్లగా ఉంటుంది. దాన్ని 'ఓ-రింగు' అంటారు. మన ఇళ్ళల్లో వాషర్ అంటాం.

ఈ వాషర్ ఎక్కడ ఉంటుంది? ఇక్కడ కూర్చున్న అమ్మలను అడుగుతున్నాను, చెప్పండి. రెగ్యులేటర్‌లోనా? కాదమ్మా. చాలామంది అలాగే అనుకుంటారు. అది బండకి పైనుండే వాల్వు నోట్లో, లోపలి గాడిలో కూర్చుని ఉంటుంది. అంటే అది మీ ఇంటిది కాదు. బండతోపాటు వస్తుంది, బండతోపాటు పోతుంది. మీ రెగ్యులేటర్ పదేళ్ళుగా మీ దగ్గరే ఉండొచ్చు, వాషర్ మాత్రం ప్రతి బండకీ వేరేది. పోయిన నెల ఏ వాసనా లేదు కదా, ఈ నెల ఎందుకొచ్చింది అని అడుగుతారు. పోయిన నెల వాషర్ వేరు, ఈ నెల వాషర్ వేరు. అందుకే బండ మార్చిన రోజే ఈ వాసన ఎక్కువగా మొదలవుతుంది.

వాల్వు మధ్యలో స్ప్రింగు మీద నిలబడే చిన్న పిన్ను ఉంటుంది. మనం రెగ్యులేటర్ తగిలించి ఆన్ చేస్తే లోపలి మొన ఆ పిన్నును కిందికి నొక్కుతుంది, గ్యాస్ పైకి వస్తుంది. ఆ వచ్చే గ్యాస్ పక్కలకి జారిపోకుండా రెగ్యులేటర్ ముక్కుని చుట్టూ గట్టిగా పట్టుకుని ఉండేదే ఈ వాషర్. బండ ఎన్నో ఇళ్ళు తిరుగుతుంది. ప్రతి ఇంట్లోనూ ఆ ముక్కు లోపలికి దిగుతుంది, బయటికి వస్తుంది. వంకరగా గుచ్చితే వాషర్ అంచు తెగుతుంది. ఆన్‌లో ఉండగానే రెగ్యులేటర్ లాగేస్తే గాడిలోంచి కదిలిపోతుంది. పాతబడిన రబ్బరు గట్టిపడి సన్నగా పగుళ్ళు పడుతుంది. ఒక్కోసారి అసలు వాషరే లేకుండా బండ వస్తుంది.

ఇక్కడ ఒక గుర్తు చెబుతాను, ఇది ఒక్కటి పట్టుకున్నా చాలు. రెగ్యులేటర్ ఆన్ చేసినప్పుడే వాసన వచ్చి, ఆఫ్ చేశాక తగ్గిపోతుంటే, అనుమానం వాషర్ మీద, లేదా పైపు మీద. ఆఫ్ చేసినా వాసన ఆగకపోతే ఆ పిన్నే సరిగ్గా మూసుకోవడం లేదు, వాల్వు చెడింది. ఈ రెండింటికీ చేయాల్సిన పని వేరు.

కంచరపాలెంలో ఒక ఇంటి సంగతి చెబుతాను. నాకు తెలిసిన కుటుంబమే, పేరు వద్దు. సాయంత్రం బండ అయిపోతే కొత్తది తగిలించారు. రాత్రి వంటయ్యాక ఆ ఇంటి కోడలుకి వాసన వచ్చింది. అత్తగారు, "కొత్త బండ కదమ్మా, కాసేపట్లో పోతుందిలే" అన్నారు. మర్నాడు వాసన అలాగే ఉంది. భర్త బజారుకెళ్ళి కొత్త పైపు తెచ్చి, క్లిప్పులు బిగించాడు. వాసన పోలేదు. పక్కింటాయన వచ్చి అగ్గిపుల్ల గీసి చూద్దామన్నాడు. ఆ కోడలు అడ్డం నిలబడి, అగ్గిపెట్టె లాక్కుని నాకు ఫోన్ చేసింది. ఆ అమ్మాయి అలా చేయబట్టే ఆ రోజు ఏ ప్రమాదమూ జరగలేదు.

ఫోన్‌లో ఒక్కటే అడిగాను. ఆఫ్ చేస్తే తగ్గుతోందా? తగ్గుతోందంది. అయితే ఆఫ్‌లోనే ఉంచి, తలుపులు, కిటికీలు తీసి ఉంచమన్నాను. నేను వెళ్ళేసరికి వంటింట్లో వాసన దాదాపు లేదు. దేవుడి గదిలో దీపం ఆర్పించాను, అగరుబత్తి తీయించాను. అర గ్లాసు నీళ్ళలో గిన్నెలు తోమే సబ్బు ద్రవం ఒక చెంచా వేసి మెల్లగా కలిపాను. గబగబా గిలక్కొడితే పైన నురగే మిగులుతుంది, అసలు బుడగ కనబడదు. స్టవ్వు నాబ్‌లన్నీ మూసి ఉన్నాయని చూసుకుని రెగ్యులేటర్ ఆన్ చేశాను. చిన్న బ్రష్‌తో మొదట పైపు స్టవ్వుకి కలిసే చోట రాశాను. ఏమీ లేదు. పైపు రెగ్యులేటర్‌కి ఎక్కే చోట రాశాను. ఏమీ లేదు, కొత్త పైపు బాగానే ఉంది. తర్వాత రెగ్యులేటర్ అడుగు అంచు వాల్వు మీద కూర్చునే చోట, చుట్టూ తిప్పి, వెనక వైపు కూడా తడిపాను. వెనక పక్కనే బుడగలు లేచాయి. ఒకటి పగిలితే అదే చోట ఇంకోటి.

బాగా గమనించండి. మనం రాసిన నురగ కాసేపు ఉండి తనంతట తనే పోతుంది. లీకు బుడగ అలా కాదు. ఒకే చోట పుడుతుంది, పెరుగుతుంది, మళ్ళీ పుడుతుంది. చాలా సన్నటి లీకయితే తెల్లటి నురగ అక్కడే మెల్లగా పోగవుతుంది. కాబట్టి ఒక్క క్షణం చూసి వదిలేయకుండా ప్రతి చోటా ఒక నిమిషం ఓపిగ్గా చూడాలి.

వెంటనే ఆఫ్ చేసి, రెగ్యులేటర్ తీసి, పగటి వెలుతురులో వాల్వు నోట్లోకి చూశాను. వాషర్ ఒక పక్క తెగి పైకి లేచి ఉంది. కొత్త వాషర్ వేసి, రెగ్యులేటర్ నిటారుగా దింపి, మళ్ళీ సబ్బు నీళ్ళు రాశాను. బుడగ లేదు. తడి తుడిచేశాను. అంతే పని. పైపుకి పెట్టిన డబ్బు వృథా, రెండు రోజులు ఇంటిల్లిపాదికీ టెన్షన్.

ఇప్పుడు నా బాధ చెబుతాను, కాస్త ఓర్చుకోండి. బండ ఇచ్చే మనిషి ఇంట్లోకి వచ్చి మూత తీసి, వాషర్ చూసి, వాల్వు నోట్లో నాలుగు చుక్కల నీళ్ళు వేసి పిన్ను దగ్గర బుడగ రావడం లేదని చూపించి, తూకం వేసి ఇవ్వాలి. అది అతని డ్యూటీ. కంచరపాలెం ఇంట్లో ఏం జరిగింది? బండ గేటు దగ్గర వాచ్‌మన్‌కి అప్పజెప్పి వెళ్ళిపోయారు. ఆ ఒక్క నిమిషం చూసి ఉంటే తెగిన వాషర్ అక్కడే దొరికేది. మన అపార్ట్‌మెంట్‌లో ఎంతమంది బండలు గేటు దగ్గరే దిగుతున్నాయి? చేతులెత్తండి. చూశారా! ఎండలో మూడంతస్తులు బండ మోసే కుర్రాడి కష్టం నాకు తెలుసు, నేను వాళ్ళ మధ్యే బతికాను. వాళ్ళని తిట్టమనడం లేదు. మూత తీసి చూపించు బాబూ అని అడగండి, మంచినీళ్ళిచ్చి అడగండి. అడగకుండా మాత్రం బండ తీసుకోకండి.

వాషర్ పోయిందని తెలిశాక కొందరు చేసే పనులు చూస్తే నాకు భయమేస్తుంది. ఖాళీ బండలోంచి పిన్నీసుతో పాత వాషర్ లాగి ఇందులో పెడతారు. దారం చుడతారు. రెగ్యులేటర్ కింద గుడ్డపీలిక దూరుస్తారు. మిక్సీ వాషర్ కోసి పెట్టిన వాళ్ళనీ చూశాను. అమ్మా, చేతులు జోడించి అడుగుతున్నాను, ఇవేవీ వద్దు. వాల్వులో వేసే రింగుకి దాని సైజు, దాని రబ్బరు ఉన్నాయి. మెకానిక్ తేవాలి, మెకానిక్ వేయాలి. అప్పటిదాకా రెగ్యులేటర్ ఆఫ్ చేసి తీసేసి, నైలాన్ దారంతో ఉన్న ఆ ప్లాస్టిక్ మూతని వాల్వు మీద గట్టిగా నొక్కి పెట్టండి. చాలా ఇళ్ళల్లో బండ రాగానే ఆ మూత చెత్తబుట్టలో పడేస్తారు. దాన్ని బండకే కట్టి ఉంచండి. పిన్ను చెడి ఆఫ్‌లోనూ గ్యాస్ వస్తుంటే దాన్ని ఆపడానికి మీ దగ్గర ఉండేది ఆ మూత ఒక్కటే. మూత పెట్టాక బండని వీలైతే గాలి ఆడే చోటికి చేర్చి నిటారుగానే నిలబెట్టండి. పడుకోబెడితే లోపలి ద్రవమే బయటికి వస్తుంది.

ఒకసారి ఆఫ్ చేసి, రెగ్యులేటర్ తీసి, సరిగ్గా మళ్ళీ తగిలించి చూడొచ్చు. అప్పుడూ బుడగ వస్తే ఇక ఆ బండ మీద వంట లేదు. ఇంకో పూట గడుపుదాం, చుట్టాలు వస్తున్నారు, అన్నం మాత్రం వండేద్దాం అనకండి. బుడగ చిన్నదైనా అంతే. రెగ్యులేటర్ గట్టిగా కూర్చోకుండా ఊడి వస్తున్నా, ఆన్ ఆఫ్ తిరిగే నాబ్ బిగుసుకుపోయినా అంతే.

సబ్బు నీళ్ళ పరీక్షకి ఒక హద్దు ఉంది. అది సన్నటి వాసనకే. గది నిండా ఘాటుగా ఉంటే, బుస్సుమని చప్పుడు వస్తుంటే, పరీక్షల జోలికి వెళ్ళకండి. చేయి అందితే రెగ్యులేటర్ ఆఫ్ చేయండి. వెలుగుతున్న మంట ఉంటే ఆర్పండి. స్విచ్‌లు ఎలా ఉన్నవి అలాగే ఉంచండి, వేయొద్దు, తీయొద్దు. ఎగ్జాస్ట్ ఫ్యాను వేయొద్దు, ఫ్రిజ్ తలుపు తీయొద్దు. తలుపులు, కిటికీలు తెరిచి పిల్లల్ని, పెద్దవాళ్ళని తీసుకుని బయటికి రండి. ఫోన్ బయటికి వచ్చాకే. నంబరు 1906, రాత్రీ పగలూ పనిచేస్తుంది.

మన ఊరివాళ్ళకి గ్యాస్ అంటే ఏమిటో ఒకరు చెప్పక్కర్లేదు. 1997 సెప్టెంబర్ 14న మల్కాపురం వైపు రిఫైనరీలో లీకైంది మన వంటగ్యాసే. 60 మంది దాకా పోయారు. ఈ గ్యాస్ గాలికన్నా బరువు. పైకి లేచి పోదు, నేల మీద పాకుతూ మంట ఉన్న చోటికి వెళుతుంది. అందుకే కిటికీ ఒక్కటే తీస్తే సరిపోదు, నేలకి ఆనే తలుపు కూడా తీయాలి.

ఇంకో మాట, ఇది పెద్దవాళ్ళ కోసం. గ్యాస్‌కి తనదైన వాసన దాదాపు ఉండదు, మనకి తెలియాలనే ఆ కంపు కలుపుతారు. కానీ అదే గదిలో కాసేపుంటే ముక్కు అలవాటు పడిపోతుంది. 'ఇందాక వచ్చింది, ఇప్పుడు రావడం లేదు' అన్న మాట నమ్మకండి. బయట నుంచి వచ్చిన మనిషిని పిలిచి అడగండి. బండ అయిపోవస్తున్నప్పుడు వాసన ఘాటవుతుంది, నిజమే. కానీ ఆ గ్యాస్ స్టవ్వులో మండిపోవాలి. స్టవ్వు ఆపి ఉన్నా రెగ్యులేటర్ దగ్గర వాసన వస్తుంటే అది అడుగంటిన బండ వాసన కాదు, లీకే.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు, ముగిస్తాను. కింద ఆరుబయట ఒక ఖాళీ బండ, రెగ్యులేటర్ పెట్టించాను. అయిదేసి మందిగా రండి. మూత తీయడం, వాల్వులో వాషర్ చూడటం, రెగ్యులేటర్ నిటారుగా దించడం, మూత మళ్ళీ నొక్కడం, ఈ నాలుగూ మీ చేత్తోనే చేయిస్తాను. వంట మీరు చేయకపోయినా సరే, మగవాళ్ళూ, వాచ్‌మన్ కూడా రావాలి.