ఎనిమిది రిబ్బన్లతో పావురాల కథ

వ్యాఖ్యాత: నమస్కారం. స్కూల్ వార్షికోత్సవం దగ్గర పడితే టీచర్లకు మొదలయ్యే టెన్షన్ ఒకటే: ఏ కథ వేయాలి? తెర లేదు, ప్రత్యేక లైట్లు లేవు, ఉన్నది ఒక్క మైకు. చాలా ఏళ్లుగా పిల్లలతో నృత్యనాటికలు చేయిస్తున్న డాన్స్ టీచర్ ఈరోజు మనతో ఉన్నారు. మేడమ్, కథ ఎంచుకునేటప్పుడు మీరు ముందు ఏం చూస్తారు?

టీచర్: నమస్కారమండీ. మాటలు తీసేస్తే ఆ కథ నిలుస్తుందా అని చూస్తాను. ఒక్క మైకు ముందు నలుగురు పిల్లలు మాట్లాడాలంటే, వాళ్లు నటించడం మానేసి మైకు కోసం చూసుకుంటూ ఉంటారు. రాజసభ, అడవి, మళ్లీ రాజసభ అని రంగాలు మారే కథలు కూడా తెర లేనిచోట కష్టమే. సామాన్లు మోసేవాళ్లు అందరికీ కనిపిస్తారు. అందుకే గుంపు కదలికలోనే నడిచే కథలంటే నాకు ఇష్టం. నీటిచుక్క ప్రయాణం అలాంటిదే. పంచతంత్రంలోని పావురాల రాజు చిత్రగ్రీవుడి కథ అయితే మరీను.

వ్యాఖ్యాత: వలలో పడ్డ పావురాలు వలతో సహా ఎగిరిపోయే కథ కదా! మరి స్టేజీ మీద వల ఎలా చూపించారు?

టీచర్: మొదటిసారి నిజం వలే తెచ్చాను. రిహార్సల్లోనే ఒక పాప కాలి పట్టీ అందులో చిక్కుకుని పడిపోయింది. ఆ రోజే దాన్ని పక్కన పెట్టేశాను. తర్వాత వెడల్పాటి గుడ్డ రిబ్బన్లు ఎనిమిది తీసుకున్నాం, ఒక్కోటి 12 అడుగుల పొడవు. అన్నిటినీ సరిగ్గా మధ్యలో ఒక గుడ్డ రింగుకి కుట్టేశాం. పదహారు మంది గుండ్రంగా నిలబడి తలో కొస పట్టుకుంటారు. చిత్రగ్రీవుడు మధ్యలో నిలబడి రింగును రెండు చేతులతో పట్టుకుంటాడు. ఎదురు నుంచి చూస్తే అచ్చం వలే.

వ్యాఖ్యాత: అంటే వలను పట్టుకున్నదీ పావురాలే, చిక్కుకున్నదీ పావురాలే!

టీచర్: అదేనండీ, నాకు బాగా నచ్చిన సంగతి. భయపడి ఎవరికి వారు లాక్కున్నప్పుడు ఒక రిబ్బను బిగుస్తుంది, పక్కది కిందకి వేలాడుతుంది, రింగు ఒక పక్కకి ఒరిగిపోతుంది. తర్వాత చిత్రగ్రీవుడు తల ఎత్తుతాడు. ఎనిమిది లెక్కకి అందరూ ఒకేసారి చేతులు పైకెత్తుతారు, రిబ్బన్లన్నీ సమంగా బిగుసుకుంటాయి. "కలిసి ఎగిరారు" అని ఎవరూ చెప్పక్కర్లేదు.

వ్యాఖ్యాత: చిన్న స్టేజీ మీద ఎగరడం ఎలా మరి?

టీచర్: మా స్టేజీ 20 అడుగుల వెడల్పు. వలయం అడ్డంగా 10 అడుగులు. అందుకని వలయమంతా చెదరకుండా ఎడమ నుంచి కుడికి చిన్న చిన్న అడుగులతో జరుగుతుంది, అంతే. కష్టం వెనక వరసకే. ముందున్నవాళ్లకి ప్రేక్షకులు కనిపిస్తారు, వెనకవాళ్లకి పిల్లల వీపులే కనిపిస్తాయి, అడుగు వెనకబడుతుంది. అలా వెనకబడితే రింగు వెనక్కి వాలుతుంది. రిహార్సల్లో నేను కాళ్లు చూడను, రింగునే చూస్తాను. లెక్క బాగా నిలిచే ఇద్దరిని వెనక పెడితే చాలావరకు సర్దుకుంటుంది.

వ్యాఖ్యాత: రెక్కలు, ముక్కులు పెట్టించారా?

టీచర్: రెక్కలు వద్దండీ, రిబ్బన్లకి చుట్టుకుంటాయి. మాస్కు కిందికి జారితే పిల్లలకి ఎదురుగా ఏమీ కనిపించదు. తెల్ల చొక్కా, నుదుటికి బూడిదరంగు పట్టీ, అంతే.

వ్యాఖ్యాత: వల కొరికి విడిపించడానికి ఎలుక వచ్చే ఘట్టం?

టీచర్: అక్కడ మాట ఒక్కటే, అది కూడా కథ చెప్పే అమ్మాయి మైకులో చెబుతుంది: "ముందు నా వాళ్లను విడిపించు, మిత్రమా." ఎలుక హిరణ్యకుడు తన దగ్గరికి రాగానే చిత్రగ్రీవుడు తల అడ్డంగా ఊపి, చూపుతోనే మిగతావాళ్లను చూపిస్తాడు. చేతులు రింగు మీదే ఉంటాయి కదా. ఎలుక ఒక్కొక్కరి చేతిని తాకుతుంది, తాకగానే ఆ కొస వదిలేయాలి. పదహారు కొసలూ అలా జారి చిత్రగ్రీవుడి చుట్టూ పడతాయి. చివరికి బరువంతా అతని చేతుల్లోనే మిగులుతుంది.

వ్యాఖ్యాత: వింటుంటేనే కళ్లకు కడుతోంది. ఇందులో చెడిపోయేది ఏదైనా ఉందా?

టీచర్: ఆ ఘట్టంలో తొందర. పిల్లలు ఎలుక రాకముందే వదిలేస్తారు. అందుకే తాకేదాకా కళ్లు రింగు మీద నుంచి తిప్పొద్దని చెప్తాను. ఇంకోటి పాట. ఒక ఏడాది రికార్డింగ్ మధ్యలో ఆగిపోయింది. పక్కన మృదంగం వాయించే అబ్బాయి ఉన్నాడు కాబట్టి అదే లెక్కలో అందుకున్నాడు. అప్పటి నుంచి రిహార్సల్స్‌లో సగం పాట లేకుండా, తాళం మీదే చేయిస్తున్నాను. మొత్తం ఏడు నిమిషాలు.

వ్యాఖ్యాత: చివరి దృశ్యం ఏంటి మేడమ్?

టీచర్: అందరి తర్వాత ఎలుక చిత్రగ్రీవుడి చేతిని తాకుతుంది. అతను రింగును నేల మీద పెట్టి, దాని మీద నుంచి దాటి వచ్చి మిత్రుణ్ణి కౌగిలించుకుంటాడు. తెర లేదు కదా, అందరూ ఐదు లెక్కలు కదలకుండా నిలబడతారు. తర్వాత ఇద్దరు పిల్లలు రిబ్బన్లు చుట్టుకుని వెళ్లిపోతారు, వెనకాలే మిగతావాళ్లు.