గేమ్ మెనూ అంతా చైనీస్‌లో ఉందా? గ్రాఫిక్స్, కీలు, సర్వర్, వాయిస్ ఇలా పట్టుకోండి

హాయ్ అండీ, సౌండ్ వస్తోంది కదా, సరే. ఇవాళ మన స్క్రీన్ మీద ఉన్నది గెన్షిన్ ఇంపాక్ట్, కానీ మెనూ మొత్తం చైనీస్‌లో ఉంది, కావాలనే అలా పెట్టాను. ఎందుకంటే ఈ మధ్య ఈ ప్రశ్న బాగా వస్తోంది. చైనాలో ఎంబీబీఎస్ చదివి వచ్చిన అన్నయ్య ల్యాప్‌టాప్ ఇచ్చాడు, అందులో గేమ్ ఉంది, తెరిస్తే అన్నీ ఆ బొమ్మల్లాంటి అక్షరాలే, సెట్టింగ్స్ ఎక్కడున్నాయో తెలియట్లేదు అని. చైనీస్ నేర్చుకోనక్కర్లేదు. ఎడమ పక్క ఉన్న పేర్లు వదిలేయండి, కుడి పక్క ఉన్న విలువలు చూడండి. అక్కడ అంకెలుంటాయి, ఇంగ్లీష్ అక్షరాలుంటాయి, వాటిని బట్టి ఎడమ పక్కది ఏంటో మనకే తెలిసిపోతుంది. వీడియో అంతా ఇదే పని చేస్తాం.

ఎస్కేప్ కొట్టండి. పైమోన్ మెనూ వచ్చింది. ఎడమ అంచున కింద పళ్ల చక్రం గుర్తు ఉంది చూడండి, అది నొక్కండి, సెట్టింగ్స్ వచ్చేసింది. 设置 అని రాసి ఉంటుంది, దాదాపు ఏ చైనీస్ గేమ్‌లో అయినా ఇవే రెండు అక్షరాలు.

ఇప్పుడు గ్రాఫిక్స్. ఎడమ పక్క 图像 అని ఉంది కదా, అది. వేరే గేముల్లో 画面 అనో 画质 అనో ఉండొచ్చు, కంగారు పడకండి, నొక్కి లోపలికి వెళ్లి కుడి పక్క 1920x1080 లాంటి అంకె కనిపిస్తే మీరు సరైన చోటికే వచ్చినట్టు. ఆ అంకె ఉన్న వరుస స్క్రీన్ సైజు. పక్కన 全屏 అని ఉంటే ఫుల్ స్క్రీన్, 窗口 అని ఉంటే విండో. నేనైతే ఈ వరుస ముట్టుకోను, ఆల్ట్ పట్టుకుని ఎంటర్ కొడతాను, అటూ ఇటూ మారిపోతుంది.

కుడి పక్క 60 గానీ 30 గానీ ఒంటరిగా ఉంటే అది ఫ్రేమ్ రేట్, 帧率. 60 పెట్టేయండి. 0.8, 1.0 ఇలా చుక్క పెట్టిన అంకె ఉందే, అది 渲染精度, దీని గురించి ఒక్క నిమిషం చెప్తాను, పాత ల్యాప్‌టాప్‌లో తేడా అంతా ఇక్కడే కాబట్టి. మీ స్క్రీన్ 1920x1080 అనుకోండి, ఇక్కడ 1.0 ఉంటే గేమ్ కూడా అంతే సైజులో బొమ్మ గీస్తుంది. 0.8 పెడితే 1536 అడ్డం, 864 నిలువు గీసి దాన్ని సాగదీసి చూపిస్తుంది. అంటే గ్రాఫిక్స్ చిప్ గీయాల్సిన చుక్కలు దాదాపు మూడో వంతు తగ్గిపోతాయి. బొమ్మ కొంచెం మెత్తబడుతుంది, కానీ ఫైట్ మధ్యలో పట్టిపట్టి రావడం తగ్గుతుంది. ఈ మెత్తదనం మరీ కనిపించకుండా ఉండాలంటే FSR 2 అని ఇంగ్లీష్‌లోనే రాసి ఉన్న వరుస వెతకండి, దాని ఎడమ పక్క 抗锯齿 ఉంటుంది, అంటే బొమ్మ అంచుల్లో మెట్లు మెట్లుగా కనిపించడం తగ్గించేది. అందులో SMAA కూడా ఉంటుంది, కానీ 0.8 పెట్టినప్పుడు FSR 2 బాగుంటుంది, నాకైతే అదే.

మిగతా వరుసల్లో అంకెలు ఉండవు, 低, 中, 高 అని ఉంటాయి, తక్కువ, మధ్యస్థం, ఎక్కువ. 中 గుర్తుపట్టడం తేలిక, డబ్బాకి నడుమ నిలువు గీత. ఈ మూడూ గుర్తుంటే చాలు. 开启 అంటే ఆన్, 关闭 అంటే ఆఫ్. అన్నీ ఒకేసారి తగ్గించేయకండి, చూడటానికి బొత్తిగా బాగోదు. ముందు 阴影质量, అంటే నీడలు, దాన్ని 中 లేదా 低 చేయండి. తర్వాత 体积雾, గాల్లో పొగమంచు, 关闭. అప్పటికీ ఆగి ఆగి వస్తుంటే అప్పుడు 0.8 కి దిగండి. మీరు వీటిలో ఏది మార్చినా మొత్తం క్వాలిటీ చూపించే వరుస 自定义 అయిపోతుంది, అంటే మీరు సొంతంగా పెట్టుకున్నారని, అది ఎర్రర్ కాదు. సేవ్ బటన్ కోసం వెతకొద్దు, మార్చగానే దానంతట అదే సేవ్ అయిపోతుంది, వెనక గేమ్ బొమ్మలోనే తెలుస్తుంది.

సరే, కీలు. ఇది రెండు నిమిషాల పని కూడా కాదు. ఎడమ పక్క 键 అనే అక్షరం ఉన్నది వెతకండి, 按键 గానీ 键位 గానీ, వెర్షన్‌ని బట్టి. లోపలికి వెళితే పెద్ద చిట్టా వస్తుంది, ఎడమ పక్క ఒక్క ముక్క అర్థం కాదు, కానీ కుడి పక్క చూడండి, E ఉంది, Q ఉంది, F ఉంది, R ఉంది. ఇక్కడ చైనీస్ ఎందుకండీ? E అంటే స్కిల్, Q అంటే బర్స్ట్, F అంటే వస్తువు తీసుకోవడం, మాట్లాడటం, R అంటే గురి, M మ్యాప్, B బ్యాగ్. ముందు ఎవరూ మార్చకుండా ఉంటే ఇవే ఉంటాయి. మీకు బర్స్ట్ మౌస్ పక్క బటన్ మీద కావాలనుకోండి, Q ఉన్న వరుస నొక్కండి, బటన్ నొక్కండి, అయిపోయింది. అన్నయ్య ముందే అన్నీ మార్చేసి ఉంటే, 恢复默认 అని ఉన్న బటన్ నొక్కితే పాత వాటికి వచ్చేస్తాయి. ఈ నాలుగు అక్షరాలు ఫోటో తీసి పెట్టుకోండి, నేను విండోస్ బటన్, షిఫ్ట్, S కలిపి నొక్కి ముక్క కత్తిరించి నోట్స్‌లో పెట్టుకుంటాను.

ఇప్పుడు సర్వర్. ఇక్కడ కొంచెం నెమ్మదిగా వెళ్దాం, ఎక్కువ మంది ఆగిపోయేది ఇక్కడే. సెట్టింగ్స్ మొత్తం తిరగేసినా సర్వర్ ప్రాంతం మార్చే వరుస కనపడదు. మీరు సరిగ్గానే వెతికారు, అది సెట్టింగ్స్‌లో లేదు. గేమ్ నుంచి బయటికి వచ్చి లాగిన్ స్క్రీన్ దగ్గర చూడాలి. ఇదిగో, కింద 点击进入, నొక్కి లోపలికి వెళ్లమని. ఈ స్క్రీన్ మీదే సర్వర్ పేరు ఉంటుంది. దాన్ని నొక్కితే America, Europe, Asia, ఇంకా TW, HK, MO అని చిట్టా వస్తుంది. మన దగ్గర నుంచి ఆడేవాళ్లలో చాలా మంది ఏషియాలో ఉంటారు, స్నేహితులు అక్కడుంటే మీరూ అక్కడికే, ఎందుకంటే ఒక సర్వర్ వాళ్లు ఇంకో సర్వర్ వాళ్లతో కలిసి ఆడలేరు.

ఇంకో మాట. సర్వర్ మార్చగానే మీ క్యారెక్టర్లన్నీ మాయమై మొదటి నుంచి మొదలవుతుంది. టెన్షన్ పడొద్దు, పోలేదు, పాత సర్వర్‌లోనే భద్రంగా ఉన్నాయి, వెనక్కి మారితే కనిపిస్తాయి. కానీ ఒక చోటు నుంచి ఇంకో చోటికి తరలించుకోవడం కుదరదు. రోజువారీ పనులు కొత్తగా వచ్చేది సర్వర్ టైమ్ ప్రకారం తెల్లవారుజాము 4కి. ఏషియా అయితే మన టైమ్‌లో రాత్రి 1:30, యూరప్ అయితే పొద్దున 8:30, అమెరికా అయితే మధ్యాహ్నం 2:30. డల్లాస్‌లో ఉన్న బావతో ఆడాలని అమెరికా సర్వర్ ఎంచుకునేవాళ్లు ఇది కూడా లెక్కలో పెట్టుకోండి, పింగ్ కూడా ఎక్కువ ఉంటుంది.

ఆ చిట్టాలో ఏషియా అసలు లేదంటారా? అప్పుడు మీ ల్యాప్‌టాప్‌లో ఉన్నది చైనా లోపల ఆడే వెర్షన్. ఇది తేల్చుకోవడం చాలా తేలిక, గేమ్ లోపల స్క్రీన్ కింద కుడి మూలన UID అని ఒక నంబర్ ఉంటుంది కదా, ఇదిగో జూమ్ చేస్తాను. నాది 8తో మొదలవుతోంది, అంటే ఏషియా. 6 అమెరికా, 7 యూరప్, 9 తైవాన్, హాంకాంగ్, మకావ్. ఏషియాలో కొత్త అకౌంట్ల నంబర్ 10 అంకెలతో 18 అని కూడా మొదలవుతుంది, దాన్ని చూసి పొరబడకండి. 9 అంకెల నంబర్ 1తో గానీ 2తో గానీ మొదలైతే చైనా అధికారిక సర్వర్, దాని పేరు 天空岛. 5 అయితే 世界树, బిలిబిలి అనే చైనా వీడియో సైట్ వాళ్ల ద్వారా నడిచేది. ఇంకా నమ్మకం కలగకపోతే టాస్క్ మేనేజర్ తెరిచి ఫైల్ పేరు చూడండి.

```
YuanShen.exe
GenshinImpact.exe
```

మొదటిది చైనా వెర్షన్, రెండోది మిగతా ప్రపంచానిది. మొదటిది ఉంటే ఎంత వెతికినా ఏషియా రాదు, అకౌంట్లే వేరు. పైగా అక్కడ 实名认证 అడుగుతుంది, అంటే అసలు పేరు, గుర్తింపు నంబర్‌తో నమోదు. చైనాలో 2021 సెప్టెంబర్ నుంచి 18 ఏళ్ల లోపు పిల్లలు శుక్ర, శని, ఆదివారాల్లో, సెలవు రోజుల్లో రాత్రి 8 నుంచి 9 వరకే ఆన్‌లైన్ గేమ్ ఆడాలని నియమం ఉంది, వయసు తేల్చేది ఈ నమోదుతోనే. ఎవరో డబ్బులకి అమ్ముతామంటే ఆ గుర్తింపులు కొనకండి. గ్లోబల్ వెర్షన్ విడిగా దించుకుని కొత్తగా మొదలుపెట్టడమే దారి. అన్నయ్య ఫైవ్ స్టార్ క్యారెక్టర్లు రావు, నాకు తెలుసు, బాధే.

ఇక వాయిస్ చాట్. 语音 అంటే గొంతు, మాట అని అర్థం, షూటింగ్ గేముల్లో వాయిస్ చాట్‌కి కూడా ఇదే రాస్తారు, అందుకని ఇక్కడ చూడగానే దొరికేసింది అనిపిస్తుంది. నొక్కి చూద్దాం. 音频 అంటే ఆడియో, దాని లోపల నాలుగు స్లైడర్లు, అందులో 语音音量 ఒకటి, ఇది క్యారెక్టర్లు మాట్లాడే శబ్దం. దీన్ని ఎంత పెంచినా మీ స్నేహితుడి గొంతు వినిపించదు. ఇంకోటి 语言, అంటే భాష, దాని లోపల 语音语言, ఇది డబ్బింగ్ భాష, చైనీస్, జపనీస్, ఇంగ్లీష్, కొరియన్, ఈ నాలుగే. పైన 游戏语言 ఉంది కదా, మెనూ భాష మార్చేది అది, మొత్తం ఇంగ్లీష్ కావాలంటే అక్కడ English ఎంచుకోండి. కింద ఉన్నది మారిస్తే మాత్రం కొన్ని జీబీల డౌన్‌లోడ్ మొదలవుతుంది, ఫోన్ హాట్‌స్పాట్ మీద ఉంటే అస్సలు ముట్టుకోకండి.

అంటే ఈ గేమ్‌లో మైక్‌తో మాట్లాడుకునే వాయిస్ చాట్ లేదు. ఎంటర్ కొడితే టైప్ చేసే చాట్ వస్తుంది, అంతే. అందరం డిస్కార్డ్ పెట్టుకుని ఆడతాం. వేరే చైనీస్ గేమ్‌లో వాయిస్ చాట్ వెతకాలంటే 语音 కాకుండా 麦 కోసం చూడండి, 麦克风 అంటే మైక్రోఫోన్. ఆ అక్షరం ఉన్న పేజీలో కుడి పక్క మీ హెడ్‌సెట్ పేరు ఇంగ్లీష్‌లో కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు. అక్కడే 自由麦 అని ఉంటే మైక్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది, ఇంట్లో కుక్కర్ విజిల్ కూడా టీమ్ మొత్తానికి వినిపిస్తుంది. 按键说话 ఎంచుకోండి, కీ నొక్కినప్పుడే మాట వెళ్తుంది, ఆ కీ ఏదో పక్కన T, V అని ఇంగ్లీష్‌లోనే ఉంటుంది. మీ గేమ్‌లో ఈ పేజీ దొరక్కపోతే స్క్రీన్‌షాట్ పెట్టండి, కుడి పక్క విలువలు కూడా కనిపించేలా మొత్తం తీయండి, ఎడమ పక్క ఒక్కటే కత్తిరించి పంపితే నాకూ అర్థం కాదు.