4,12,380నా, 3,97,260నా? రెండూ కాదు

"సార్, మాది హార్డ్‌వేర్ షాపు. ఆగస్టు 2025 పర్చేజ్ రిజిస్టర్‌లో ఐటీసీ 4,12,380 ఉంది. 2బీలో 3,97,260 మాత్రమే చూపిస్తోంది. 3బీలో ఏది వెయ్యమంటారు? తక్కువదే వేస్తే సేఫ్ కదా?"

తెనాలి నుంచి ఒక అకౌంటెంట్ తమ్ముడు అడిగాడు. ఐటీసీ అంటే కొనుగోళ్ల మీద కట్టిన జీఎస్‌టీకి మనకొచ్చే క్రెడిట్. సప్లయర్లు వేసిన రిటర్నుల నుంచి పోర్టల్ తయారుచేసే ఆ క్రెడిట్ జాబితా 2బీ, మనం వేసే రిటర్న్ 3బీ. రిజిస్టర్, 2బీ ఎక్సెల్ రెండూ పంపాడు కాబట్టి గాల్లో చెప్పాల్సిన పని లేకుండా పోయింది. జవాబు ముందే చెప్పేస్తాను. అతను వెయ్యాల్సింది 3,81,060. అడిగిన రెండు అంకెల్లో ఏదీ కాదు, పైగా రెండింటికన్నా తక్కువ. ఎలా వచ్చిందో కూర్చుని చూద్దాం.

తేడా 15,120 అనగానే "ఎవడో సప్లయర్ బిల్లు ఎక్కించలేదు" అనుకుంటాం. నిజానికి ఆ తేడా ప్లస్సులూ మైనస్సులూ కలిసిపోయాక మిగిలిన అంకె. లోపల ఎన్ని తప్పులున్నాయో అది చెప్పదు. ఒక్కోసారి రెండు టోటల్సూ పైసాతో సహా కలుస్తాయి, లోపల మాత్రం అరడజను బిల్లులు తేడాగా ఉంటాయి. అలాంటి నెలంటేనే నాకు ఎక్కువ భయం, ఎందుకంటే ఎవరూ తెరిచి చూడరు.

అందుకని బిల్లు బిల్లుకీ పెట్టి చూడాలి. పోర్టల్ నుంచి 2బీ ఎక్సెల్ దించుకుని అందులో `B2B` షీట్‌ను మీ రిజిస్టర్ ఫైల్‌లోకి `2B` అనే పేరుతో కాపీ చేసుకోండి. క్రెడిట్ నోట్లు `B2B-CDNR` షీట్‌లో వేరుగా ఉంటాయి, అదీ చూడాలి. రిజిస్టర్‌లోంచి కొన్నవాళ్లే పన్ను కట్టే రివర్స్ చార్జ్ ఎంట్రీలు పక్కన పెట్టేయండి, వాటి లెక్క వేరు. ఇక జతపరచడానికి అందరూ మొదట పట్టుకునేది ఇన్వాయిస్ నంబర్. అక్కడే ఇరుక్కుపోతారు. సప్లయర్ `VP/1187/25-26` అని ఎక్కిస్తాడు, మన కుర్రాడు `1187` అని కొడతాడు. మనిషికి రెండూ ఒకటే, ఎక్సెల్‌కి కాదు. సగం రిజిస్టర్ ఎర్రగా కనిపించేసరికి టెన్షన్ మొదలవుతుంది.

నేను మొదటి వడపోత నంబర్‌తో చేయను. సప్లయర్ జీఎస్‌టీ నంబర్ అంటే జీఎస్‌టీఐఎన్, పన్ను వేసే విలువ, ఈ రెంటినీ అతికించి ఒక కీ చేసుకుంటాను. రెండు షీట్లలోనూ జీఎస్‌టీఐఎన్ A కాలమ్‌లో, విలువ F కాలమ్‌లో ఉన్నాయనుకోండి, H కాలమ్‌లో ఇలా రాయండి:

```
=A2&"|"&ROUND(F2,0)
```

తర్వాత రిజిస్టర్ షీట్‌లో పక్క పక్క కాలమ్స్‌లో ఈ రెండూ:

```
=COUNTIF('2B'!H:H,H2)
=COUNTIF(H:H,H2)
```

మొదటిది ఆ బిల్లు 2బీలో ఎన్నిసార్లు ఉందో చెబుతుంది. రెండోది మన రిజిస్టర్‌లోనే ఎన్నిసార్లు ఉందో చెబుతుంది. రెండూ 1 అయితే దాదాపు కలిసినట్టే, తేదీ మీద, 2బీలో ఐటీసీ దొరుకుతుందా లేదా అని చెప్పే కాలమ్ మీద ఒక చూపు వేస్తే చాలు. 0 వచ్చినవి, రెండు అంకెలు సమానంగా లేనివి పక్కకు తీయండి. రౌండింగ్ వల్ల రూపాయి తేడాతో 0 వచ్చినవి కంటితోనే దొరుకుతాయి. ఇదే పని 2బీ షీట్ వైపు నుంచి కూడా చేయాలి. చాలామంది ఒక వైపే చేసి వదిలేస్తారు. అసలు కథ ఎక్కువగా ఆ రెండో వైపే ఉంటుంది.

ఇలా చేస్తే తమ్ముడి షాపులో తేలినవి ఐదు.

మొదటిది, పైపుల సప్లయర్ బిల్లు. విలువ 1,20,000, పన్ను 21,600. రిజిస్టర్‌లో ఉంది, 2బీలో లేదు. ఆయన మూడు నెలలకోసారి రిటర్న్ వేసే రకం. అలాంటివాళ్లు మధ్య నెలల బిల్లులను తర్వాతి నెల 13లోగా పోర్టల్‌లో ఐఎఫ్ఎఫ్ అనే సదుపాయంలో ఎక్కించవచ్చు, కానీ అది తప్పనిసరి కాదు. ఆయన ఎక్కించలేదు. మోసమేమీ లేదు, సెప్టెంబర్‌తో కలిపి త్రైమాసికం అమ్మకాల రిటర్న్ జీఎస్‌టీఆర్-1 వేసినప్పుడు వస్తుంది. కానీ సరుకు వచ్చినా, చేతిలో బిల్లు ఉన్నా ఈ నెల తీసుకోకూడదు. ఒకప్పుడు 2019 అక్టోబర్‌లో 20 శాతం, తర్వాత 10, ఆ తర్వాత 5 శాతం అంటూ కాస్త వెసులుబాటు ఉండేది. 2022 జనవరి 1 నుంచి అదీ పోయింది. 2బీలో లేకపోతే లేదు, అంతే.

రెండోది పెయింట్ బిల్లు, విలువ 35,000, పన్ను 6,300. ఇది రిజిస్టర్‌లో రెండుసార్లు ఉంది. వాట్సాప్‌లో వచ్చిన ఫొటో చూసి ఒకసారి `1187` అని కొట్టారు, వారం తర్వాత ఒరిజినల్ కాగితం రాగానే `VP/1187/25-26` అని మళ్లీ కొట్టారు. నంబర్లు వేరు కాబట్టి సాఫ్ట్‌వేర్ నోరెత్తలేదు. పై ఫార్ములాలో 2బీ వైపు 1, మన వైపు 2 వచ్చి దొరికిపోయింది. ఒక హెచ్చరిక: అదే సప్లయర్ నుంచి అదే విలువకు నిజంగానే రెండు బిల్లులు ఉండొచ్చు. అప్పుడు 2బీ వైపు కూడా 2 ఉంటుంది. కాగితాలు ముందు పెట్టుకుని చూశాకే తీసేయండి.

మూడోది చిన్నదే కానీ మన రెండు రాష్ట్రాల వాళ్లకు తరచూ తగిలేది. ఓనర్‌గారు హైదరాబాద్ వెళ్లి రెండు రాత్రులు హోటల్లో ఉన్నారు. బిల్లు 6,000, పన్ను 720. బిల్లు మీద షాపు జీఎస్‌టీ నంబర్ కూడా రాయించుకొచ్చారు. అయినా ఆ క్రెడిట్ రాదు. హోటల్ గది ఎక్కడుందో సేవ అక్కడ జరిగినట్టు లెక్క. కాబట్టి పడేది సీజీఎస్‌టీ, తెలంగాణ ఎస్‌జీఎస్‌టీ. ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్‌కు అవి పనికిరావు. ఆ బిల్లు 2బీలో ఉంటుంది, అయితే క్రెడిట్ దొరకనివాటి భాగంలో. మొత్తం 6,720 ఖర్చులో రాసేసుకోవడమే.

నాలుగోది క్రెడిట్ నోట్. పెయింట్ డీలర్ క్వాంటిటీ డిస్కౌంట్ ఇచ్చి 15,000కు క్రెడిట్ నోట్ వేశాడు, పన్ను 2,700. ఆయన పోర్టల్‌లో ఎక్కించాడు కాబట్టి 2బీ మొత్తంలోంచి తగ్గిపోయింది. మన పుస్తకాల్లో మాత్రం ఎక్కలేదు. డిస్కౌంట్ వచ్చిందని అందరికీ గుర్తుంది, క్రెడిట్ నోట్ కాగితం మాత్రం ఎవరో డ్రాయర్‌లో పెట్టేశారు. పన్ను లేకుండా, ఊరికే డబ్బు తగ్గిస్తూ ఇచ్చే నోటైతే 2బీలో రాదు, దానికి క్రెడిట్ తగ్గించాల్సిన పనీ లేదు.

ఈ నాలుగూ రిజిస్టర్‌లో ఎక్కువ చూపించినవి. 21,600, 6,300, 720, 2,700 కలిపితే 31,320. మరి తేడా 15,120 మాత్రమే ఎందుకు కనిపించింది? ఎదురుగా ఇంకొకటి ఉంది కాబట్టి.

అదే ఐదోది. హైదరాబాద్ నుంచి ప్లైవుడ్, విలువ 90,000, ఐజీఎస్‌టీ 16,200. బిల్లు తేదీ ఆగస్టు 30. లారీ తెనాలి చేరింది సెప్టెంబర్ 2న. సరుకు దిగాక ఎంట్రీ కొట్టారు కాబట్టి ఆగస్టు రిజిస్టర్‌లో లేదు, సరిగ్గానే చేశారు. సప్లయర్ ఆగస్టు రిటర్న్‌లో చూపించాడు కాబట్టి 2బీలో ఉంది, అతనూ సరిగ్గానే చేశాడు. కానీ సరుకు చేతికి రాకుండా క్రెడిట్ తీసుకోకూడదని చట్టంలో సెక్షన్ 16 చెబుతుంది.

"తక్కువది వేస్తే సేఫ్" అన్న మాట ఇక్కడే కూలిపోతుంది. 3,97,260 వేస్తే అందులో ఈ 16,200 ఉంది. పోర్టల్ పోల్చేది 2బీని, 3బీని. రెండూ ఒకటే కాబట్టి అది కిక్కురుమనదు. తర్వాత ఆడిట్‌లో ఈ-వే బిల్లు, లారీ రసీదు తేదీలు ముందు పెట్టి అడిగితే మాత్రం జవాబుండదు. ముందే వాడేసుకుని ఉంటే 18 శాతం వడ్డీ కూడా. అటు 4,12,380 వేసి ఉంటే 2బీ కన్నా 15,120 ఎక్కువ. ఇలాంటి తేడా నిర్ణయించిన పరిమితి దాటితే `DRC-01C` నోటీసు వస్తుంది. ఏడు రోజుల్లో కట్టడమో, కారణం చెప్పడమో చేయకపోతే తర్వాతి జీఎస్‌టీఆర్-1 ఆగిపోతుంది.

ఇప్పుడు రెండు వైపుల నుంచీ చూడండి. రిజిస్టర్ 4,12,380లోంచి 31,320 తీస్తే 3,81,060. 2బీ 3,97,260లోంచి 16,200 తీసినా 3,81,060. రెండు దారులూ ఒకే చోటికి వస్తేనే పని అయినట్టు. రాకపోతే ఇంకో బిల్లు ఎక్కడో దాక్కునుంది. ఐజీఎస్‌టీ, సీజీఎస్‌టీ, ఎస్‌జీఎస్‌టీ మూడింటికీ ఇలా విడివిడిగా కలవాలి, మొత్తం కలిస్తే సరిపోదు.

3బీలో ఎలా చూపించాలి? 4(A)(5)లో 3,97,260 దానంతటదే వచ్చి ఉంటుంది, దాన్ని కదపకండి. ప్లైవుడ్ 16,200ని 4(B)(2)లో తాత్కాలిక రివర్సల్‌గా పెట్టండి. నికరం 3,81,060 అవుతుంది. సెప్టెంబర్ 3బీలో ఆ 16,200ని 4(A)(5)లో కలిపి వెనక్కి తీసుకుంటూ, 4(D)(1)లో కూడా చూపించాలి. పొరపాటున 4(B)(1)లో పెట్టారనుకోండి, అది శాశ్వతంగా వదులుకున్నవి చూపే గడి. రీక్లెయిమ్ స్టేట్‌మెంట్ లెక్కలోకి రాదు, వెనక్కి తీసుకునేటప్పుడు తంటా. ఇంకో దారి, పోర్టల్‌లో సప్లయర్ బిల్లుల్ని ఒప్పుకునే, ఆపే చోటైన ఐఎంఎస్‌లో ఆ బిల్లును ముందే పెండింగ్‌లో పెట్టడం. అప్పుడు అసలు 2బీలోకే రాదు. తర్వాతి నెల 14న 2బీ వచ్చేశాక పెడితే మాత్రం 2బీని మళ్లీ కంప్యూట్ చేయించాలి, మర్చిపోకండి.

పైపుల 21,600 సంగతి. పుస్తకాల్లో దాన్ని మామూలు ఇన్‌పుట్ లెడ్జర్‌లో ఉంచకండి. "2బీలో రాని ఇన్‌పుట్" అని ఒక లెడ్జర్ తెరిచి అందులోకి మార్చండి. ప్రతి నెలా ఎదురుచూడాల్సిన బిల్లులన్నీ అక్కడే కనిపిస్తాయి. 2బీ నడిచేది సప్లయర్ ఎప్పుడు ఎక్కించాడన్న దాన్ని బట్టి, బిల్లు తేదీని బట్టి కాదు. కాబట్టి పాత నెలల లిస్టును పక్కన పెట్టుకోకుండా ఏ నెలా మ్యాచింగ్ పూర్తవదు. సప్లయర్‌కి అసలు డబ్బు ఇచ్చి, పన్ను డబ్బు 2బీలో కనిపించేదాకా ఆపి ఉంచేవాళ్లు చాలామంది ఉన్నారు. నాకు తప్పనిపించదు. కాకపోతే ముందే చెప్పి చేయండి, బిల్లు తేదీ నుంచి 180 రోజులు దాటనివ్వకండి. దాటితే, కట్టని మేరకు తీసుకున్న క్రెడిట్ తిరిగి ఇవ్వాల్సి వస్తుంది.

తమ్ముడూ, అక్టోబర్ 14న సెప్టెంబర్ 2బీ వస్తుంది. తెరవగానే ముందు పైపులవాళ్ల జీఎస్‌టీఐఎన్‌తో 21,600 వెతుకు. అక్టోబర్ 13 లోపు ఆయన జీఎస్‌టీఆర్-1 వేసుంటే ఉంటుంది. లేకపోతే ఫోన్ చెయ్యి. వాయిదా పడుతూ పోయినా, 2025-26 ఆర్థిక సంవత్సరం బిల్లుకు 2026 నవంబర్ 30 దాకానో, మీరు వార్షిక రిటర్న్ వేసేదాకానో, ఏది ముందైతే అంతవరకే గడువు.