బేస్‌మెంట్‌లో బంపర్ తగిలితే రిపోర్టు ఎలా రాయాలి

(కంపెనీ డ్రైవర్లకు, కంపెనీ కార్లు నడిపే సిబ్బందికి ఇచ్చిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. డ్రైవర్ అన్నలు కొంచెం ముందుకు వచ్చి కూర్చోండి, వెనక ఏసీ మోతకి మాట వినపడదు.

నేను మోటారు ఇన్సూరెన్స్ క్లెయిములు చూసే సర్వేయర్‌ని. రోడ్డు మీద జరిగిన యాక్సిడెంట్ రిపోర్టు చదవడం నాకు పెద్ద కష్టం కాదు. జంక్షన్ పేరు ఉంటుంది, ఫ్లైఓవర్ ఉంటుంది, మ్యాప్‌లో చూస్తే చోటు దొరికిపోతుంది. నా తల తినేది పార్కింగ్‌లో తగిలిన చిన్న దెబ్బ. నేల కింద రెండో అంతస్తుకి మ్యాప్ ఉండదు, చాలా చోట్ల ఫోన్ సిగ్నలే ఉండదు. అక్కడ ఏం జరిగిందో మీరు మాటల్లో కట్టి చూపిస్తే తప్ప మాకు తెలియదు.

మాకు వచ్చే రిపోర్టు సాధారణంగా ఇలా ఉంటుంది: "ఆఫీసు బేస్‌మెంట్‌లో కారు రివర్స్ తీస్తుండగా వెనక నుంచి వచ్చిన కారు తగిలింది. వెనక బంపర్ దెబ్బతిన్నది." ఇందులో అబద్ధం ఏమీ లేదు. కానీ వెనక అంటే ఎవరి వెనక? మీ కారు రివర్స్‌లో పోతోంది, కాబట్టి మీరు పోయే వైపే మీ వెనక. ఆ కారు అటు నుంచి ఎదురొచ్చిందా, పక్క నుంచి వచ్చిందా? వాళ్లు వచ్చి గుద్దారా, మీరు పోయి గుద్దారా? ఈ రెండు వాక్యాలతో రెండు రకాల కథలూ చెప్పొచ్చు. అవతలి ఆయన తన రిపోర్టులో రెండో కథ రాసి ఉంటాడు.

ఒక్క కేసు తీసుకుని చివరిదాకా నడుద్దాం. మాదాపూర్‌లో ఉండే లాంటి ఒక ఆఫీసు టవర్, రెండో బేస్‌మెంట్. కంపెనీ తెల్ల డిజైర్ స్లాట్‌లోంచి వెనక్కి వస్తోంది. ర్యాంప్ దిగి వచ్చిన ఒక బూడిదరంగు కారు దానికి తగిలింది. ఎవరికీ గాయం లేదు.

ముందు చేయాల్సింది మీరు ఎక్కడ నిలబడి మాట్లాడుతున్నారో చెప్పడం. నేల కింద తూర్పు పడమర ఎవరికి తెలుస్తాయి? అందుకని కదలని చోటు ఒకటి పట్టుకోండి. నేనైతే ర్యాంప్ పాదం అంటాను. ర్యాంప్‌కి వీపు పెట్టి, లోపలికి చూస్తూ నిలబడినట్టు రాయండి. ఆ తరవాత కుడి, ఎడమ అన్న ప్రతిసారీ అవి ఆ మనిషి కుడి ఎడమలే. కారు కుడి ఎడమలు మాత్రం వేరేగా, "డ్రైవర్ సైడు", "ఎడమ సైడు" అని రాయండి. మన కార్లలో స్టీరింగ్ కుడి వైపు కాబట్టి డ్రైవర్ సైడు అంటే ఎవరూ పొరబడరు. ఈ రెండూ కలిపేస్తే నేను గంటసేపు కాగితం తిప్పుకుంటూ కూర్చోవాలి.

ఇప్పుడు ఆ డ్రైవరు రాయాల్సిన రిపోర్టు వినండి.

"ర్యాంప్ పాదం దగ్గర లోపలికి చూస్తూ నిలబడితే, ఎదురుగా నేరుగా ఒక దారి ఉంది. వెడల్పు సుమారు 6 మీటర్లు. బండ్లు పోవడానికీ రావడానికీ ఇదే దారి. ఎడమ వైపు గోడకు ఆనుకుని ఒక వరుస స్లాట్లు, కుడి వైపు పిల్లర్ల మధ్య ఒక వరుస స్లాట్లు. కుడి పిల్లర్లకు ర్యాంప్ దగ్గర నుంచి సి-1, సి-2 అని నంబర్లు ఉన్నాయి. రెండు పిల్లర్ల మధ్య మూడేసి కార్లు పడతాయి. లిఫ్ట్ ఈ దారి చివర కుడి వైపు ఉంది. నా కారు సి-4, సి-5 మధ్య నడిమి స్లాట్‌లో ముందుభాగం లోపలికి పెట్టి ఉంది. నా పక్కన, ర్యాంప్ వైపు స్లాట్‌లో, ఎత్తైన ఎస్‌యూవీ ఉంది. సి-4 ఎదురుగా, దారికి ఎడమ పక్కన, పైపు లీకు అవుతోందని బారికేడ్ పెట్టారు. అది దారిలోకి సుమారు 2 మీటర్లు వచ్చి ఉంది."

గమనించారా, ఇంతవరకు ఎవరూ ఎవరినీ గుద్దలేదు. ముందు చోటు, తరవాత బండ్లు, ఆ తరవాతే కదలిక. ఇది తిరగేసి రాస్తే, చదివేవాడు ముందే బుర్రలో ఒక బేస్‌మెంట్ ఊహించుకుంటాడు. మీరు తరవాత చెప్పిన పిల్లర్లు అందులో పట్టవు.

ఇక కదలిక. "స్టీరింగ్ తిప్పకుండా నిదానంగా వెనక్కి వచ్చాను. కారు వెనకభాగం స్లాట్ గీత దాటి దారిలోకి సుమారు 1.5 మీటర్లు వచ్చింది. అప్పుడు ర్యాంప్ వైపు నుంచి వచ్చిన బూడిదరంగు కారు ముందు బంపర్, దాని డ్రైవర్ సైడు మూల, నా కారు వెనక బంపర్ డ్రైవర్ సైడు మూలకు తగిలింది. ఎస్‌యూవీ అడ్డు ఉన్నందువల్ల తగిలేదాకా ఆ కారు నాకు కనపడలేదు."

ఆ 1.5 మీటర్లు ఎలా తెలుస్తుంది అంటారు. బండి కదపకముందే స్లాట్ గీత నుంచి బంపర్ దాకా కొలవండి. టేపు లేకపోతే అంగలు వేయండి, మామూలు అంగ ముప్పావు మీటరుకు అటూ ఇటూగా ఉంటుంది. కొలిచాక "సుమారు" అన్న మాట తప్పకుండా పెట్టండి. టేపుతో కొలవకుండా 1.52 అని రాస్తే మొత్తం రిపోర్టు మీదే అనుమానం వస్తుంది.

ఈ కొలతలతో నేనేం చేస్తానో చూడండి. అవతలి ఆయన "నేను నా ఎడమ పక్కనే వస్తున్నాను, వీడు దూసుకొచ్చాడు" అన్నాడు అనుకుందాం. మన కారు దారిలోకి 1.5 మీటర్లు వచ్చింది. రెండు బంపర్ల మీద దెబ్బ పడిన మేర జానెడు. అంటే ఆయన కారు కుడి అంచు కుడి స్లాట్ల గీతకి సుమారు 1.3 మీటర్ల దూరంలో ఉంది. కారు వెడల్పు 1.8 అనుకుంటే ఆయన ఎడమ అంచు 3.1 దగ్గర. దారి 6 మీటర్లు. ఆయన ఎడమ చేతి వైపు దాదాపు 3 మీటర్లు ఖాళీ! ఎడమ పక్కన వస్తున్న మాట నిలవదు.

కానీ ఆగండి, ఆయన అబద్ధాలకోరు కూడా కాదు. బారికేడ్ 2 మీటర్లు తినేసింది. దాన్ని తప్పించుకోడానికి కుడికి జరిగాడు. బారికేడ్ తినేసింది పోగా దారి 4 మీటర్లు, అందులో మన కారు వెనకభాగం పోగా 2.5. ఇరుకే కానీ 1.8 మీటర్ల కారు పడుతుంది. ఇప్పుడు లెక్క తేలింది: ఇద్దరికీ పాలు ఉంది, ఆ బారికేడ్ పెట్టి ముందు హెచ్చరిక బోర్డు పెట్టని వాళ్లకీ కొంత ఉంది. గుద్దుకోలేదు కదా అని డ్రైవర్లు బారికేడ్ సంగతి రాయనే రాయరు. దెబ్బ తగలకపోయినా బండిని దారి మళ్లించిన వస్తువు ఏదున్నా రాయండి: నీళ్లు నిలిచిన చోటు, గీత దాటి పెట్టిన బైకు, హౌస్‌కీపింగ్ ట్రాలీ.

దెబ్బ కూడా మాట్లాడుతుంది. ఆయన కారు మనల్ని దాటుతుండగా మనం వెనక్కి పోయి తగిలి ఉంటే గీత ఆయన డోర్ల మీద పొడుగ్గా సాగేది. ఇక్కడ దెబ్బ ఆయన బంపర్ మూలలోనే ఆగింది. అంటే ఆయన ముందుభాగం మన దగ్గరికి వచ్చేసరికే మన కారు దారిలో ఉంది. అందుకని రెండు కార్ల దెబ్బలూ ఫోటో తీయండి, నేల నుంచి ఎత్తు తెలిసేలా టేపో స్కేలో పక్కన నిలబెట్టి. వాళ్ల పెయింటు మన బంపర్ మీద, మనది వాళ్ల బంపర్ మీద అంటుకుని ఉంటే తుడవకండి. చాలామంది తడిగుడ్డతో తుడిచి, మరక పోయిందని సంతోషంగా చెప్తారు. పోయింది మరక కాదు, సాక్ష్యం.

మొదటి ఫోటో మాత్రం దగ్గరది వద్దు. ర్యాంప్ వైపు నుంచి, పిల్లర్ నంబరు, బారికేడ్, రెండు కార్లు అన్నీ పడేలా దూరం నుంచి ఒకటి. ఇవన్నీ అయ్యాక బండ్లు పక్కకు తీయండి. ర్యాంప్ అడ్డంగా పెట్టుకుని అరగంట వాదించుకుంటే రెండో యాక్సిడెంట్ అవుతుంది.

సీసీటీవీ ఉంది కదా అని ధీమా వద్దు. రికార్డింగు కొన్ని రోజులకు దానంతటదే చెరిగిపోతుంది. అదే రోజు బిల్డింగ్ సెక్యూరిటీకి రాతపూర్వకంగా అడగండి, ఏ కెమెరా, ఏ టైము అని రాసి. ఒక చిన్న సంగతి: ఆ కెమెరా గడియారం మీ ఫోన్‌తో సరిపోతుందో లేదో చూడండి. పది నిమిషాలు తేడా ఉండటం మామూలే. తేడా ఎంతో రిపోర్టులో రాస్తే నేను సరైన ముక్క వెతుక్కుంటాను.

ఇప్పుడు అసలు టెన్షన్ పెట్టే భాగం. అవతలి ఆయన "రెండు వేలు ఇచ్చేయ్ తమ్ముడూ, ఇక్కడే అయిపోతుంది" అంటాడు. బండి మీది కాదు. మన దేశంలో వాడే మోటారు పాలసీల్లో ఒక షరతు ఉంటుంది: ఇన్సూరెన్స్ కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా తప్పు ఒప్పుకోవడం, డబ్బు ఇస్తాననడం, ఇవ్వడం కూడదు. కాబట్టి "సారీ సర్, నేను ఆఫీసుకి చెప్పాలి, మీ నంబరు ఇవ్వండి" అనండి చాలు. రిపోర్టులో కూడా "తప్పు నాదే", "తప్పు వాడిదే" రెండూ వద్దు. చూసింది రాయండి. అనుకున్నది రాయాల్సి వస్తే "నాకు అనిపించింది" అని విడిగా రాయండి.

క్లెయిము వేయాలా వద్దా అన్నది ఆఫీసు చూసుకుంటుంది. కారణం చెప్తాను. బంపర్ ప్లాస్టిక్ కాబట్టి మామూలు పాలసీలో దాని ధరలో 50% తరుగు కింద పోతుంది. పైగా 1500 సీసీ లోపు ప్రైవేటు కారుకి మొదటి 1,000 రూపాయలు మనమే పెట్టుకోవాలి. ఒక్క క్లెయిముతో నో క్లెయిమ్ బోనస్, అంటే ప్రీమియంలో వచ్చే తగ్గింపు, పోతుంది. ఐదేళ్లు క్లెయిము లేకుండా 50% దాకా చేరిన బోనస్‌ని బంపర్ కోసం పోగొట్టుకుంటారా? చాలాసార్లు పోగొట్టుకోరు. అయినా సరే, పాలసీ ప్రకారం సమాచారం ఆలస్యం లేకుండా రాతపూర్వకంగా ఇవ్వాలి. అవతలి ఆయన మూడు నెలల తరవాత నోటీసు పంపితే అప్పుడు ఆ కాగితమే అక్కరకొస్తుంది.

ఎవరికైనా గాయమైతే ఇదంతా తరవాత. 108కి ఫోన్, వైద్యం, పోలీసులకు సమాచారం. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 134 డ్రైవర్ మీద పెట్టిన బాధ్యత అది.

రిపోర్టు ఆ రోజే రాసి ట్రాన్స్‌పోర్ట్ డెస్క్‌కి ఇచ్చి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి. రాసింది ఆ బేస్‌మెంట్ ఎప్పుడూ చూడని ఒక మనిషికి చదివి వినిపించి, తెల్లకాగితం మీద బొమ్మ గీయమనండి. సి-4 పిల్లర్ ఎక్కడ పెట్టాలో వాళ్లు అడిగితే అక్కడ ఇంకో వాక్యం కావాలి. సర్వేయర్ చూసేదాకా, లేదా క్లెయిము వద్దని ఆఫీసు చెప్పేదాకా, బండిని డెంటింగ్‌కి పంపకండి. ఇక ప్రశ్నలుంటే అడగండి, మైకు అటు పంపిస్తాను.