ఫోన్‌లోనే పూర్తి వీడియో: క్యాప్‌కట్‌లో లేయర్లు, కోతలు, ఎక్స్‌పోర్ట్

అందరికీ నమస్కారం. ఇక్కడ దుబాయ్‌లో ఉన్న మనవాళ్లలో వంట వీడియోలు చేసేవాళ్లు చాలామందే ఉన్నారు. ఎక్కువమంది ఎడిటింగ్ ఫోన్‌లోనే చేస్తారు, అదీ క్యాప్‌కట్‌లో. ఊళ్లో ఉన్న చెల్లికో తమ్ముడికో కూడా నేర్పుదామనుకుంటే ఒక మాట: ఇండియాలో ఈ యాప్ స్టోర్‌లో దొరకదు. ఎక్కడినుంచో ఏపీకే ఫైల్ దింపుకుని వేసుకోమని మాత్రం చెప్పకండి. అక్కడ వేరే ఎడిటర్లు ఉన్నాయి.

ఈరోజు ఒక్క వీడియోనే తీసుకుందాం. మూడు నిమిషాల పులిహోర, నిలువు ఫ్రేమ్, 9:16. రెండు ఫోన్లతో తీశాం. ఒకటి ఎదురుగా నిలువుగా ఉంది, అందులో మనిషి మాట్లాడుతున్నారు. రెండోది మూకుడు పైన స్టాండ్‌కి తగిలించి ఉంది. దాన్ని అడ్డంగా పెట్టారు. ఈ అడ్డం సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దాని దగ్గరికే వస్తాం.

ముందుగా ఎదురు ఫోన్ క్లిప్‌ని కింద మెయిన్ ట్రాక్‌లో వేయండి. చివర యాప్ తన పేరుతో ఒక చిన్న ముక్క అతికిస్తే దాన్ని తీసేయండి. పై ఫోన్ క్లిప్‌ని ఇప్పుడే తేవద్దు. మెయిన్ ట్రాక్‌లో మధ్య ముక్క తీసేస్తే వెనకది ముందుకు జరిగి అతుక్కుంటుంది, ఖాళీ మిగలదు. పైన అప్పటికే మూకుడు షాట్లు, అక్షరాలు, పాట పరిచేసి ఉంటే, కింద కోసిన ప్రతిసారీ పైవన్నీ సరైన చోటే ఉన్నాయా అని చూసుకోవాలి. ఆ టెన్షన్ ఎందుకు? మాట మొత్తం తేలాకే పై లేయర్ మొదలుపెట్టండి.

ఇక కోత. క్లిప్ అంచున ఉన్న తెల్లని పిడి పట్టుకుని లాగడం అందరికీ అలవాటు. కానీ కోయాల్సిన చోటు మన వేలి కిందే ఉండిపోతుంది, కనిపించదు. అందుకే పిడి జోలికి పోకుండా టైమ్‌లైన్‌నే కదపండి. రెండు వేళ్లతో బాగా సాగదీస్తే సెకన్ల మధ్య ఫ్రేముల లెక్క కనిపిస్తుంది. సెకనుకు 30 ఫ్రేముల వీడియోలో ఒక్కో ఫ్రేమ్ సెకనులో 30వ వంతు. మధ్య గీత కావలసిన ఫ్రేమ్ మీదికి రాగానే Split నొక్కండి, అక్కర్లేని ముక్కను ఎంచుకుని Delete చేయండి. ఎప్పుడూ ఇంతే.

ఎక్కడ కోయాలి? మన వీడియోలో ఆవిడ, "నూనె కాగాక... ఆఁ... ఇప్పుడు ఆవాలు వేసుకుందాం" అంటారు. మధ్యలో ఆ "ఆఁ" పోవాలి. "కాగాక" అయిన వెంటనే కోస్తే చివరి అచ్చు తెగి, మాట ఎవరో నోరు మూసినట్టు ఆగిపోతుంది. "ఇప్పుడు" కి ముందు ఆవిడ ఊపిరి తీసుకున్నారు. ఆ ఊపిరి మధ్యలో కోస్తే ఎగశ్వాసలా వినిపిస్తుంది. ఊపిరి మొత్తం ఉంచండి, లేదా మొత్తం తీసేయండి. సగం మాత్రం వద్దు. మాట అయ్యాక రెండు మూడు ఫ్రేములు వదిలి కోస్తే చాలు. ఇది ఫోన్ స్పీకర్లో తెలియదు, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి.

ఇలా కోశాక ఆవిడ తల ఒక్కసారిగా పక్కకు ఎగిరినట్టు కనిపిస్తుంది. చాలామంది ఇక్కడ ట్రాన్సిషన్ వేసేస్తారు. నాకది నచ్చదు, అతుకు ఉందని మనమే చాటింపు వేసినట్టు ఉంటుంది. మూకుడు షాట్ ఉన్నదే ఆ అతుకు కప్పడానికి. ఏ క్లిప్పూ ఎంచుకోకుండా కింది మెనూలో Overlay, తర్వాత Add overlay నొక్కి పై ఫోన్ క్లిప్ తెచ్చుకోండి. మొదటి కోతకు అర సెకను ముందు మొదలై, చివరి కోత దాటాక ముగిసేలా పెట్టండి. మాట కింద సాగుతూనే ఉంటుంది, చూసేవాళ్ల కళ్లు మూకుడు మీద ఉంటాయి.

ఓవర్‌లే శబ్దం మామూలుగా సున్నా చేసేయండి. లేకపోతే ఒకే గొంతు రెండు ఫోన్లలోంచి కాస్త తేడాతో వచ్చి, బావిలోంచి మాట్లాడినట్టు ఉంటుంది. ఒక్కచోట మాత్రం ఆ శబ్దమే కావాలి: తాలింపు. "ఆవాలు చిటపటలాడగానే" అన్నప్పుడు ఆ చిటపట వినబడాలి కదా. ఓవర్‌లేలో మొదటి ఆవగింజ పేలే ఫ్రేమ్ వెతికి, దానికి నాలుగైదు ఫ్రేముల ముందు Split చేయండి. ఆ ముక్కను నొక్కి పట్టుకుని "చిటపట" మాట మొదలయ్యే చోటికి జరపండి. దీనికి మాత్రం వాల్యూమ్ ఉంచండి, మాటను మింగేయనంత తక్కువగా.

ఇప్పుడు అడ్డం సంగతి. అడ్డంగా తీసిన 1080p అంటే వెడల్పు 1920, ఎత్తు 1080 పిక్సెళ్లు. మన నిలువు ఫ్రేమ్ ఎత్తు 1920. ఓవర్‌లే తెర నిండాలంటే 1080ని 1920కి సాగదీయాలి, అంటే దాదాపు 1.8 రెట్లు. వెడల్పులో వాడుకునేది మధ్యలోని 608 పిక్సెళ్లే. వాటినే 1080కి పరుస్తున్నాం. అందుకే మనిషి స్పష్టంగా ఉండి మూకుడు మసగ్గా కనిపిస్తుంది. "ఎక్స్‌పోర్ట్‌లో ఏదో తప్పు జరిగింది" అని అప్పుడు 4K పెట్టి మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేస్తారు. ఫైల్ పెరుగుతుంది, మసక అలాగే ఉంటుంది. క్వాలిటీ పోయింది లేయర్ పెట్టినప్పుడే. మూకుడు ఫోన్‌ని నిలువుగా పెట్టండి, లేదా దాన్నొక్కదాన్ని 4Kలో తీయండి. 4K అడ్డం క్లిప్ ఎత్తు 2160, అంటే మనకు కావలసిన 1920 కంటే ఎక్కువే. సాగదీయాల్సిన పని లేదు. తీయడం అయిపోయి చేతిలో అడ్డం 1080p మాత్రమే ఉంటే, తెర నింపకండి. పై సగంలో మూకుడు, కింద సగంలో మనిషి పెట్టండి. అప్పుడు సాగదీయాల్సిన పనే ఉండదు.

వాట్సాప్‌లో వచ్చిన క్లిప్‌దీ ఇదే కథ. మామూలుగా పంపితే వాట్సాప్ దాన్ని ముందే నలిపేసి ఉంటుంది. రెండో ఫోన్ మీ వారిదైతే డాక్యుమెంట్‌గా పంపమనండి.

ఎక్స్‌పోర్ట్ ముందు పైన రిజల్యూషన్ రాసి ఉన్న చోట నొక్కండి. రిజల్యూషన్ 1080p చాలు. ఫ్రేమ్ రేట్ ఎంతలో తీశారో అంతే పెట్టండి. 30లో తీసింది 60 చేస్తే కొత్త కదలికలేమీ పుట్టవు. 25లో తీసింది 30 చేస్తే సెకనుకు ఐదు ఫ్రేములు రెండేసిసార్లు వస్తాయి, గరిటె తిప్పుతుంటే అదురు కనిపిస్తుంది. మూడోది Code rate. సెకనుకు ఎంత డేటా ఇస్తున్నామన్నదే అది. ఊరికే కూర్చుని మాట్లాడే వీడియోకు తక్కువైనా సరిపోతుంది. ఆవిరి, పొంగే నూనె, ఎగిరే ఆవాలు ఉన్నప్పుడు ప్రతి ఫ్రేమూ మారిపోతుంటుంది, డేటా చాలకపోతే అక్కడ గళ్లు గళ్లుగా విరుగుతుంది. సెకనుకు 10 మెగాబిట్లు అనుకుందాం. 180 సెకన్లకు 1800 మెగాబిట్లు, ఎనిమిదితో భాగిస్తే సుమారు 225 ఎంబీ. ఫోన్‌లో అంత ఖాళీ ఉందో లేదో ముందే చూసుకోండి.

ఐఫోన్ వాళ్లకు ఒక్క మాట. ముఖాలు తెల్లగా వెలిసిపోయినట్టు వస్తే దాదాపు ఎప్పుడూ కారణం హెచ్‌డీఆర్. కెమెరా సెట్టింగుల్లో HDR Video ఆపేసి తీయండి.

ఫైల్ వచ్చాక యాప్‌లో కాదు, గ్యాలరీలో తెరిచి చూడండి. మొత్తం చూసే ఓపిక లేకపోతే మూడు చోట్ల చూడండి: ముఖం నుంచి మూకుడుకు మారే మొదటి చోటు, తాలింపు, చివరి పది సెకన్లు. చివర్లో మాట, పెదవులు కలవకపోతే మీ ఫోన్ ఫ్రేమ్ రేట్ మారుస్తూ రికార్డు చేసిందేమో అనుమానించాలి. స్క్రీన్ రికార్డింగుల్లో ఇది మరీ ఎక్కువ. అలాంటి క్లిప్‌ని ముందు ఒంటరిగా 30కి ఎక్స్‌పోర్ట్ చేసి, వచ్చిన ఫైల్‌తో ఎడిటింగ్ మొదలుపెట్టండి. సరే, ఫోన్లు తీయండి. మీ క్లిప్‌లోనే మొదటి "ఆఁ" వెతికి కోద్దాం.