ఫొటోలో కిలోమీటరు రాయి: ఆ చోటు ఏదో కనుక్కోవడం

అందరికీ నమస్కారం.

రోడ్డు పక్కన తీసిన ఒక ఫొటో చేతిలో ఉంది, ఎక్కడ తీశారో తెలియదు. పొలాలు, చెట్లు, ఓ కిలోమీటరు రాయి, అంతే. ఇలాంటప్పుడు ఆ రాయిని ఏ వరుసలో చదవాలో, ఎక్కడ దాన్ని నమ్మకూడదో ఈ రోజు ఒక్క ఉదాహరణతో చెప్పాలనుకుంటున్నాను. నేను ఎంచుకున్న రాయికి తల పసుపు రంగు. తల మీద 16 అంకె. కింద తెల్లటి భాగంలో తెలుగులో ‘ధర్మపురి 8’ అని ఉంది.

ముందు రంగు చూద్దాం. పసుపు తల జాతీయ రహదారికి, ఆకుపచ్చ తల రాష్ట్ర రహదారికి గుర్తు. రాయి వేసిన నాటి హోదానే రంగు చెబుతుంది. రాష్ట్ర రహదారిని జాతీయ రహదారిగా ప్రకటించినా, పెయింటర్ వచ్చేదాకా రాయి ఆకుపచ్చగానే ఉంటుంది. కాబట్టి పసుపు ఉంటే జాతీయ రహదారి అనుకోవచ్చు గానీ, ఆకుపచ్చ ఉంది కదా అని జాతీయ రహదారులన్నిటినీ పక్కన పెట్టేయకూడదు.

ఇక అంకె. చాలామంది పొరబడేది ఇక్కడే. ఈ రోజు మ్యాపులో 16వ నంబరు రహదారి వెతికితే కోల్‌కతా నుంచి చెన్నై వెళ్లే కోస్తా రోడ్డు కనిపిస్తుంది. శ్రీకాకుళం, విశాఖపట్నం, విజయవాడ, ఒంగోలు, నెల్లూరు అన్నీ దాని మీదివే. కానీ 2010లో కేంద్రం దేశంలోని జాతీయ రహదారుల నంబర్లు మార్చింది. అంతకు ముందు మన కోస్తా రోడ్డు నంబరు 5. అప్పట్లో 16 అంటే నిజామాబాద్ నుంచి ఆర్మూరు, జగిత్యాల, మంచిర్యాల మీదుగా జగదల్‌పూర్ వెళ్లే రోడ్డు. ఇప్పుడు ఆ రోడ్డు 63లో భాగం. చిక్కు అక్కడితో ఆగలేదు. పాత లెక్కలో 63 అంటే కర్ణాటక తీరంలోని అంకోలా నుంచి హుబ్బళ్లి, బళ్లారి మీదుగా అనంతపురం జిల్లా గుత్తికి వచ్చే రోడ్డు. అంటే మన తెలుగు నేల మీదే 16కు ఇద్దరు సొంతదారులు, 63కు ఇద్దరు సొంతదారులు. ఊరి పేరు చెరిగిపోయి అంకె మాత్రమే మిగిలిన రాయి దొరికితే, పాత మ్యాపు ఒకటి, కొత్త మ్యాపు ఒకటి రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడాల్సిందే.

కొత్త నంబర్లకు ఒక పద్ధతి ఉంది. ఉత్తర దక్షిణాలుగా సాగే ప్రధాన రహదారులకు సరి సంఖ్యలు. తూర్పు నుంచి పడమరకు పోయేకొద్దీ అవి పెరుగుతాయి. తూర్పు తీరంలో 16, నడిమధ్యన హైదరాబాద్ మీదుగా 44, పడమటి తీరంలో 66. తూర్పు పడమరలుగా సాగే వాటికి బేసి సంఖ్యలు; అవి ఉత్తరం నుంచి దక్షిణానికి పెరుగుతాయి. మూడంకెల నంబరు కొమ్మ రోడ్డుది, దాని చివరి రెండంకెలు తల్లి రోడ్డువి. జగిత్యాల నుంచి కరీంనగర్, వరంగల్ మీదుగా ఖమ్మం వెళ్లే 563 ఇలాంటిదే; దాని తల్లి 63. పసుపు పలక మీద నల్ల అక్షరాలతో, డాలు బొమ్మలో నంబరు రాసిన గుర్తులను కూడళ్ల దగ్గర పెడతారు. ఒకే కూడలి ఫొటోలో 63, 563 రెండూ కనిపిస్తే ఇక వెతకాల్సిన పని లేదు, అది జగిత్యాలే.

మన రాయి దగ్గరకు వద్దాం. 16 పాతదా కొత్తదా అన్న సందేహాన్ని ‘ధర్మపురి’ తీర్చేసింది. గోదావరి ఒడ్డున నరసింహస్వామి క్షేత్రం ఉన్న ధర్మపురి జగిత్యాలకూ మంచిర్యాలకూ మధ్య, పాత 16 మీద ఉంది. ఇక్కడ తెలుగు లిపి సాయపడింది, కానీ లిపిని చూసి తొందరపడకూడదు. జాతీయ రహదారుల మీద వరుస రాళ్లపై లిపి మారుతూ ఉంటుంది. ఒకదాని మీద తెలుగు, మరొకదాని మీద హిందీ, ఇంకొకదాని మీద ఇంగ్లీషు. మన ఫొటోలో పక్క రాయి పడి ఉంటే ‘ధర్మపురి’ దేవనాగరిలో కనిపించేది, చూసినవాళ్లు ఉత్తరాదికి వెళ్లిపోయేవాళ్లు. ప్రాంతీయ లిపి కనిపిస్తే అది గట్టి ఆధారం. హిందీ కనిపిస్తే దాన్నుంచి ఏమీ తేల్చలేం.

ఇప్పుడు ‘8’. మ్యాపులో ధర్మపురి నుంచి రోడ్డు వెంట కొలవాలి. నేరుగా గీత గీసి కొలిస్తే వంపుల వల్ల చోటు తప్పుతుంది. అలా కొలిస్తే రెండు చోట్లు వస్తాయి: జగిత్యాల వైపు ఒకటి, గోదావరి మీద రాయపట్నం వంతెన ఉన్న వైపు ఒకటి. రెండింటిలో ఏది?

దీనికి రాయి నిలబడిన తీరే జవాబు చెబుతుంది. రాయిని రోడ్డుకు అడ్డంగా పాతుతారు, రెండు ముఖాల మీదా రాస్తారు. మనకు కనబడే ముఖం మీద ముందు రాబోయే ఊరు ఉంటుంది. అంటే ఫొటో తీసిన మనిషి ధర్మపురి వైపు చూస్తున్నాడు. రెండో సంగతి, రోడ్డు లెక్క మొదలైన ఊరి నుంచి బయలుదేరితే రాళ్లు ఎడమ వైపు రావాలన్నది నియమం. పాత 16 లెక్క నిజామాబాద్ నుంచి మొదలవుతుంది. కాబట్టి ధర్మపురి వైపు చూస్తున్నప్పుడు రాయి రోడ్డుకు ఎడమ పక్కన ఉంటే అతను నిజామాబాద్ దిక్కు నుంచి వస్తున్నాడు, అది జగిత్యాల వైపు చోటు. కుడి పక్కన ఉంటే రాయపట్నం వైపు. ఒకే ఫొటోలో రోడ్డు అంచు కూడా పడితే చాలు, ఇది తేలిపోతుంది.

అయితే రోడ్డు వెడల్పు చేసినప్పుడు రాళ్లను పీకి మళ్లీ పాతుతారు, మధ్యలో డివైడర్ ఉన్న రోడ్డుకు రెండు వైపులా వేస్తారు. అందుకే నీడతో సరిచూడటం నాకిష్టం. జగిత్యాల నుంచి ధర్మపురికి రోడ్డు మొత్తం మీద ఈశాన్యంగా సాగుతుంది, రాయపట్నం నుంచి వచ్చేది పడమర దిక్కుగా. ఫొటో సాయంత్రం తీసినదని తెలిస్తే, రాయి నీడ మన వైపు పడితే సూర్యుడు ఎదురుగా, అంటే పడమర చూస్తున్నాం, రాయపట్నం వైపు. నీడ రాయి వెనక్కి పోతే జగిత్యాల వైపు. నియమం, నీడ రెండూ ఒకటే చెబితే నిశ్చింతగా ఉండవచ్చు. విభేదిస్తే నేను నీడనే నమ్ముతాను, రాళ్లు మారతాయి గానీ సూర్యుడు మారడు.

ప్రతి ఐదో రాయి మిగిలినవాటికన్నా పెద్దది, దాని మీద ఎక్కువ ఊళ్లు ఉంటాయి. అలాంటిది దొరికితే ఇంత కష్టం అక్కర్లేదు. రెండు ఊళ్ల దూరాలు ఉంటే రెండూ కలిసే చోటు రోడ్డు మీద ఒక్కటే వస్తుంది. ఆ రెండూ ఎక్కడా కలవకపోతే మధ్యలో బైపాస్ పడిందేమో చూడండి; పాత రాయి మీది దూరం ఊళ్లోంచి వెళ్లే పాత దారిది.

చివరగా కాలం. ఈ రోడ్డు మీద 63 అని రాసి ఉంటే ఫొటో 2010 తరువాతిదే. కానీ మన రాయి మీద 16 ఉన్నంత మాత్రాన అది 2010కి ముందుదని చెప్పలేం, ఎందుకంటే కొత్త నంబరు రాసేవరకూ పాత అంకె రాయి మీద అలాగే ఉంటుంది. కోస్తాలో ఇది తలకిందులు: అక్కడ 16 కనిపిస్తే ఫొటో 2010 తరువాతిదే, 5 కనిపిస్తే కాలం తేల్చలేం.